వేషం విప్పాకే నీతి

కథల మాస్టారంటే ఆ పేటలో తెలియనివాళ్ళు లేరు. తెలియదన్నవాళ్ళు ఎవరైనా ఉంటే, నిన్నో మొన్నో అద్దెకు దిగినవాళ్ళై ఉంటారు. ఆయన చదివింది ఊరిబడిలో. అదీ ఒకే గది, ఒకే పంతులు, వానొస్తే సెలవు. ఆ చదువుతోనే మాస్టరయ్యారు. తలపండేదాకా ఒకే ప్రాథమికోన్నత పాఠశాలలో ఆరు, ఏడు తరగతులకు భాష చెప్పారు. ఆఫీసుగది గోడకు మూడు షీల్డులుంటాయి. రెండు ఆయన పిల్లలచేత ఆడించిన జంతువుల కథలకు వచ్చినవి. మూడోది ఒక పిల్లాడికి పరుగుపందెంలో వచ్చింది. దాని సంగతి ఎవరైనా ఎత్తితే, "వాడిలో కుందేలును బయటికి లాగింది ఎవరనుకున్నారు?" అనేవారు మాస్టారు. ఆ మాట అబద్ధమని రుజువు చేయగలిగినవాళ్ళు ఇంతవరకు పుట్టలేదు.

ఉద్యోగం అయిపోయింది. బుధవారం మాత్రం అయిపోలేదు. బుధవారం మధ్యాహ్నం చివరి రెండు పీరియడ్లూ కథల ఆట. జీతం లేదు, సంతకం లేదు, ఎవరూ రమ్మనలేదు, ఎవరూ వద్దనలేదు. మంగళవారం సాయంత్రమే చొక్కా ఇస్త్రీ అయిపోయేది.

"పెళ్ళిచూపులకు కూడా ఇంత ముస్తాబవలేదు ఈయన" అనేది ఇంటావిడ.

"అప్పుడు నువ్వు తలెత్తి నన్ను చూస్తేగా. ఇప్పుడు పిల్లలు చూస్తారు. పిల్లల కంటికి ఏదీ దాగదే" అనేవారు ఆయన.

వారంలో మిగతా ఆరు రోజులూ ఆయన ఒట్టి ముసలాయన. ఆ ఒక్క పూట మాస్టారు. ఆ పూట పోతే తనేమిటో ఆయన ఎన్నడూ ఆలోచించలేదు. ఆలోచించాల్సిన అవసరం వస్తుందనీ అనుకోలేదు.

ఆయన ఆట చూడనివాళ్ళు, ఏముంది, పిల్లలకు తోకలు కట్టి గెంతించడమేగా అనుకుంటారు. అలా అన్నవాడి పని ఆ పూట అయిందన్నమాటే. తరగతిగది నడుమ సుద్దముక్కతో పెద్ద వలయం గీస్తారు. అదే అడవి. వలయం దాటి లోపలికి అడుగు పెడితే జంతువు, బయట ఉంటే మనిషి. ముఖాలు అట్టతో చేసినవి, అవీ సగం ముఖాలే. కళ్ళూ ముక్కూ కప్పి నోరు వదిలేస్తాయి. "నోరు మూసేశాక ఇంకెందుకయ్యా కథ!" అంటారాయన. వెనక్కి లాగి కట్టుకోవడానికి ఎలాస్టిక్. ముఖాలన్నీ ఒక పాత రేకు పెట్టెలో ఉంటాయి.

ఎవరికి ఏ వేషమన్నది చిటికెలో తేల్చే పని కాదు. పోయినసారి నక్కైనవాణ్ణి ఈసారి నక్కను చెయ్యరు. చేస్తే వాడు ఏడాదంతా నక్కగానే మిగులుతాడు. గలగలా వాగేవాడికి వినే జంతువు పాత్ర. నోరు విప్పని పిల్లకు రెండే మాటలుండే పాత్ర, కానీ ఆ రెండు మాటలు లేకపోతే కథ ముందుకు జరగదు. ఎవరికీ డైలాగులు రాసివ్వరు. "నువ్వు ఆకలిగొన్న ఉడుతవి, ఇది నీ గింజల గొయ్యి, చలికాలం వస్తోంది" అని పరిస్థితి చెబుతారు, అంతే. మాటలు వాళ్ళవే.

కథ ముదిరి, జంతువు అటో ఇటో తేల్చుకోవాల్సిన చోటు వచ్చేసరికి మాస్టారు "ఆగు!" అంటారు. ఎత్తిన కాలు ఎత్తినట్టే ఉండాలి. ఆయన వెళ్ళి ఒకరి భుజం తట్టగానే ఆ జంతువు తన మనసులో ఉన్నది బయటికి చెప్పాలి. తర్వాత ప్రశ్నల కుర్చీ. జంతువును అందులో కూర్చోబెట్టి మిగతా పిల్లలు నిలదీస్తారు. కుర్చీలో ఉన్నంతసేపు అబద్ధం ఆడరాదు, సింహమైనా సరే. ఆ పైన, ఇంకోలా చేసి ఉంటే ఏమయ్యేదో చూద్దామని చివరి ముక్క మళ్ళీ ఆడతారు.

ఆట అయ్యాక వేషం విప్పడం. ఇది ఆయన గట్టి కట్టడి. ముఖం తీసి పెట్టెలో పెట్టి, వలయం దాటి బయటికొచ్చి, "నేను నక్కను కాను, నేను ఏడో తరగతి ఫలానా" అని అందరికీ వినబడేలా చెప్పాలి. రెండు ముక్కలూ చెప్పాలి. కానిదేదో ఒక్కటే చెబితే ఒప్పుకోరు, అయినదేదో కూడా చెప్పాలి. అది అయ్యేదాకా నీతి ఊసే ఎత్తకూడదు. ఎత్తితే తప్పంతా నక్కది పోయి, ఆ వేషం కట్టిన పిల్లాడి నెత్తికి చుట్టుకుంటుంది.

నీతి మాత్రం పిల్లల నోటే రావాలి. ఏం జరిగింది, ఎందుకు అలా చేసింది, మన బడిలో ఇలాంటిది ఎప్పుడైనా చూశారా, ఈ వరుసలో అడుగుతూ పోతారు. ఎవరో ఒకరు నీతి అంటారు. ఒప్పుకునేవాళ్ళు కిటికీ వైపు, ఒప్పుకోనివాళ్ళు తలుపు వైపు వెళ్ళి నిలబడి వాదించుకుంటారు. మనసు మారితే అటునుంచి ఇటు నడవొచ్చు. మాస్టారు సరే అనరు, తప్పనరు.

ఒకసారి ఉడుత కథ ఆడారు. ఉడుత తన గింజల గొయ్యి ఎక్కడుందో చిలుకకు చెబుతుంది, చిలుక అడవి అంతా చాటుతుంది. పెద్దవాళ్ళైతే, రహస్యం ఎవరికీ చెప్పరాదు అని ముగించేసి టీ తాగడానికి పోతారు. పిల్లలు పోలేదు. "చలికాలంలో అందరికీ ఆకలే, గింజలు దాచడమే తప్పు" అన్నాడొకడు. "గింజల సంగతి ఆకలిమీద ఉన్నవాడి ముందు మాట్లాడకూడదు" అన్నదొకతె. చివరి బెంచీ పిల్ల ఒకతి మెల్లగా లేచి, "చిలుకదేం తప్పు మాస్టారూ? దానికి మాటలు నేర్పినవాళ్ళనడగాలి" అంది. ఆ మాటను మాస్టారు ఇంటికి మోసుకుపోయి, ఇంటావిడకు చెప్పి, పక్కింటాయనకు చెప్పి, పాలవాడికీ చెప్పారు. పిల్లల నీతి వంకరగానే వస్తుంది, తిన్నగా వచ్చిందంటే ఎవరో చెక్కి ఇచ్చారన్నమాటే అన్నది ఆయన సిద్ధాంతం.

ఆ బడి హెడ్‌మేడమ్ కూడా ఆయన చేతుల్లో పెరిగిన పిల్లే. ఆరో తరగతిలో చేరినప్పుడు ఆ పిల్ల నోట మాట ఉండేది కాదు. పేరడిగితే కళ్ళలో నీళ్ళు తిరిగేవి. తోటిపిల్లలు మూగదనేవారు. మాస్టారు ఆమెకోసం ప్రత్యేకంగా తాబేలు ముఖం చేశారు, మిగతావాటికంటే కాస్త లోతుగా, తల లోపలికి లాక్కున్నట్టు ఉండేలా. అది పెట్టుకున్న రోజున వలయంలోకి వచ్చి, "నేను మెల్లగా వస్తాను, అంతవరకు ఆగండి" అంది ఆ పిల్ల. ఆ తర్వాత ఇక ఆమె నోరు ఆగలేదు. చదివింది, పరీక్షలు రాసింది, తిరిగి ఆ బడికే పెద్దై వచ్చింది. ఆమె వచ్చిన రోజు మాస్టారు పేటలో ప్రతి గడపా తొక్కి, "మా తాబేలు గెలిచింది" అని చెప్పొచ్చారు. ముఖాల పెట్టెలో ఆ తాబేలు ముఖాన్ని ఇంకెవరికీ ఇవ్వలేదు.

ఈ మధ్య బుధవారాలు కాస్త అటూఇటూ అవుతున్న మాట నిజమే. "మన బడిలో ఇలాంటిది చూశారా" అని అడిగి, పిల్లలు నోరు తెరిచేలోపే, "మా రోజుల్లో ఏం జరిగిందంటే" అని మొదలెట్టేవారు మాస్టారు. రెండు షీల్డుల కథ వచ్చేది. వెనకాలే పరుగుపందెం కథ. గంట కొట్టినా ఆగేవి కావు. బయట గేటు దగ్గర తల్లులు చేతి గడియారాలు చూసుకునేవారు. చెవి కూడా కాస్త మందగించింది. ఒకసారి జింక "పులి వచ్చింది" అంటే, "పులుసా? ఏ పులుసు?" అన్నారు. పిల్లలు విరగబడి నవ్వారు. ఆయనా నవ్వారు. హెడ్‌మేడమ్ ఒక్కతే నవ్వలేదు. అది ఆయన చూశారు, పెద్దగా పట్టించుకోలేదు.

ఒక మంగళవారం ఆమె ఫోన్ చేసింది.

"మాస్టారూ, రేపు మీరేం చేయించొద్దు. ఊరికే వచ్చి కూర్చోండి. మేమే ఒక కథ ఆడి చూపిస్తాం. అమ్మగార్ని కూడా తీసుకురండి."

"ఏం కథ అమ్మాయ్?"

"రేపు చూద్దురుగా" అని నవ్వింది.

మాస్టారు ఫోన్ పెట్టేసి కాసేపు అద్దం ముందు నిలబడ్డారు. "చెప్పానా? బుధవారాల గౌరవార్థం ఏదో పెట్టారు. గుట్టుగా చేస్తున్నారు పాపం. నాలుగు మాటలు మాట్లాడమంటారు కాబోలు" అన్నారు.

"నాలుగంటే నాలుగే మాట్లాడండి. మీ నాలుగు, ఊళ్ళోవాళ్ళ నలభై" అంది ఇంటావిడ. కానీ తనూ మంచి చీర తీసింది.

బుధవారం తరగతిగదిలో కిటికీ పక్కన రెండు కుర్చీలు వేసి ఉన్నాయి. నేల మీద సుద్ద వలయం అప్పటికే గీసి ఉంది. గుండ్రంగా గీశారు. మాస్టారి వలయం ఎప్పుడూ కోడిగుడ్డులా వచ్చేది. ఏడో తరగతి పిల్లలు ముఖాలు కట్టుకుని సిద్ధంగా ఉన్నారు. కొత్తగా వచ్చిన కుర్ర టీచరు ఒకామె గోడకానుకుని నిలబడింది. మాస్టారికి నమస్కారం పెట్టి, వెంటనే చూపు తిప్పేసుకుంది. హెడ్‌మేడమ్ వలయం అంచున నిలబడి కథ చెప్పడం మొదలుపెట్టింది.

"ఒక అడవిలో ఏనుగులు, కోతులు, జింకలు కలిసిన ఒక మంద. దానికి ఒక ముసలి ఏనుగు పెద్ద. ఎన్నో ఏళ్ళుగా మందను నీళ్ళ దగ్గరికి నడిపించింది."

బొద్దుగా ఉన్న ఒక పిల్లాడు ఏనుగు ముఖంతో బరువుగా అడుగులేస్తూ వచ్చాడు. మాస్టారు సంతోషంగా ఇంటావిడ మోచేతిని పొడిచారు. "నేనే" అన్నారు.

ముసలి ఏనుగు పాత మడుగు దగ్గరికి మందను తీసుకెళ్ళింది. మడుగు ఎండిపోయి ఉంది. మంద దాహంతో అల్లాడింది. కుర్ర ఏనుగు వేషం కట్టిన రెండు జడల పిల్ల మంద వైపు తొండంలా చెయ్యి చాపి, "కొండ అవతల కొత్త మడుగు ఉన్నది. నేను దారి ఎరుగుదును" అంది.

మాస్టారి నుదురు ముడిపడింది. ఎరుగుదును! ఏ పిల్ల అలా మాట్లాడుతుంది? నీళ్ళెక్కడున్నాయో నాకు తెల్సు, రండి రండి అంటుంది. ఇవి కంఠతా పట్టిన మాటలు. పోనీలే, కొత్త టీచరు రాసిచ్చి ఉంటుంది, తెలియనితనం అనుకున్నారు.

ఇప్పుడు ముసలి ఏనుగు తేల్చుకోవాలి, కుర్ర ఏనుగు మాట వినడమా, మానడమా. ఇక్కడే "ఆగు!" పడాలి. మాస్టారి నోటిదాకా వచ్చింది. ఎవరూ అనలేదు. భుజం తట్టినవాళ్ళు లేరు. ముసలి ఏనుగు ఒక్క నిమిషం కూడా తడుముకోకుండా, "నా కాలం ముగిసింది. మీరు సుఖముగా వెళ్ళండి" అని, తల ఊపి, వలయం అంచుకు పోయి కూర్చుంది. మంద కొండ దాటింది. నీళ్ళు తాగింది. చప్పట్లు.

చప్పట్ల మధ్యలోనే హెడ్‌మేడమ్ అడిగింది: "ఈ కథలో నీతి ఏమిటి పిల్లలూ?"

పిల్లల ముఖాల మీద ఏనుగులు, కోతులు, జింకలు అలాగే ఉన్నాయి. వేషం ఎవరూ విప్పలేదు.

కోతి చెయ్యెత్తింది. "పెద్దవాళ్ళు సమయం వచ్చినప్పుడు హుందాగా తప్పుకోవాలి."

జింక చెయ్యెత్తింది. "సమయం వచ్చినప్పుడు పెద్దవాళ్ళు హుందాగా తప్పుకోవాలి."

కుర్ర ఏనుగు చెయ్యెత్తింది. "హుందాగా తప్పుకున్న పెద్దవాళ్ళను అందరూ ప్రేమిస్తారు."

మూడు నోళ్ళు, ఒకటే మాట. మాస్టారి చెవి మందగించిందని అందరూ అనేవారు. ఆ ఒక్క మాట మాత్రం మూడుసార్లూ గాజు పగిలినంత స్పష్టంగా వినబడింది. ఇంటావిడ ఆయన చేతి మీద చెయ్యి వేసింది. ఆవిడకు అప్పటికే అర్థమైంది. ఆయన ఇంకా ఎక్కడో పొరపాటు జరిగిందనే అనుకుంటున్నారు.

ఆయన లేచి నిలబడ్డారు. "అమ్మా, జడలమ్మా" అన్నారు మెల్లగా. "హుందాగా అంటే ఏంటమ్మా?"

రెండు జడల పిల్ల తల అడ్డంగా ఊపింది. అట్ట ఏనుగు చెవులు అటూఇటూ ఊగాయి. "నాకు తెలీదు మాస్టారూ. కానీ అదే చెప్పాలి."

కొత్త టీచరు నేలకేసి చూసింది. హెడ్‌మేడమ్ చప్పున, "అంటే మర్యాదగా అని, మాస్టారూ, పిల్లలకు ఆ పదం మొన్ననే నేర్పాం..." అంది.

"నేర్పారు" అన్నారు మాస్టారు. "ఆ, తెలుస్తోంది."

ఇంకొకరైతే అక్కడే గొడవ పెట్టుకునేవారు, లేదా గుండె పట్టుకుని బయటికి నడిచేవారు. మాస్టారు రెండూ చెయ్యలేదు. పంచె కుచ్చెళ్ళు సర్దుకుని, వలయం దాటి లోపలికి అడుగు పెట్టారు. "ఆగు!" అన్నారు. ఏళ్ళ తరబడి అన్న గొంతు అది. పిల్లలు ఎక్కడివాళ్ళక్కడ బిగుసుకుపోయారు. ఎత్తిన చెయ్యి ఎత్తినట్టే. హెడ్‌మేడమ్ చెయ్యి కూడా గాలిలో ఆగిపోయింది. ఆమెకూ అది చిన్నప్పటి అలవాటే మరి.

బొద్దు పిల్లాడి ముఖం మీది ఏనుగును తీసి తను కట్టుకున్నారు. చిన్న ముఖం, పెద్ద తల. ఎలాస్టిక్ చెవి దగ్గర కోసుకుంది. కుర్చీ లాక్కుని వలయం నడుమ కూర్చున్నారు.

"ప్రశ్నల కుర్చీ. కూర్చున్నది ముసలి ఏనుగు. అడగండ్రా."

పిల్లలకు ఇది కంఠతా పట్టించలేదు. ఒకళ్ళ ముఖాలు ఒకళ్ళు చూసుకున్నారు. బొద్దు పిల్లాడే ముందు గొంతు సవరించుకున్నాడు. "ఏనుగు తాతా, మడుగు ఎండిపోయిందని నీకు తెలీదా?"

"తెలీదు. ఎవరూ చెప్పలేదు."

"నీ కళ్ళతో నువ్వు చూసుకోవచ్చుగా?" అంది జింక.

"చూశాను. నీళ్ళున్నట్టే కనబడేవి. నేను తాగిన రోజుల్లో నిండుగా ఉండేవి కదా, అవే కనబడేవి."

"మరి కుర్ర ఏనుగు చెప్తే వినేవాడివా?"

కుర్చీలో అబద్ధం ఆడరాదు. మాస్టారు ఎలాస్టిక్ సర్దుకున్నారు. "మొదటిసారి వినను. కోపమొస్తుంది. నీకేం తెలుసే పిల్లా, నేను షీల్డులు... నేను ఎన్ని మడుగులు చూశానో అంటాను. రెండోసారి చెబితే అలుగుతాను. మూడోసారికి తోక ఊపుకుంటూ వెనకాల నడుస్తాను. నీళ్ళు ముఖ్యం కదమ్మా."

రెండు జడల పిల్ల తన ముఖాన్ని నుదుటి మీదికి తోసుకుంది. "నేను ఒక్కసారి కూడా చెప్పలేదు నీకు. నా డైలాగులో లేదు. నేను మందకే చెప్పాను."

"అదే కదా!" అన్నాడు కోతి పిల్లాడు ఉత్సాహంగా. "పెద్దేనుగుని అడిగితే పోయేదిగా! వెనకాల మాట్లాడుకోవడం ఎందుకు?"

"నేను తలుపు వైపు" అని జింక అటు నడిచింది. "హుందాగా నీతికి నేను ఒప్పుకోను. చెప్పకుండా తప్పుకొమ్మంటే ఎలా తప్పుకుంటారు?"

ఇంకొకళ్ళు నడిచారు. ఇంకొకళ్ళు. ఇంకో చిన్న కోతి మాత్రం వలయం మధ్యలోనే నిలబడిపోయి, హెడ్‌మేడమ్ వైపు తిరిగి అడిగింది: "మేడమ్, మీరు చెప్పమన్నది ఇప్పుడు మర్చిపోవాలా, గుర్తుంచుకోవాలా?"

గంట కొట్టారు. పిల్లలు ముఖాలు గబగబా విప్పి పెట్టెలో పడేసి, "నేను కోతిని కాను, నేను ఏడో తరగతి..." అని గొణుక్కుంటూ సంచులు తగిలించుకుని పోయారు. ఆ మాట చెప్పమని ఎవరూ అడగలేదు. అలవాటు.

గదిలో ముగ్గురు మిగిలారు, ఇంటావిడతో కలిపి. కొత్త టీచరు ఎప్పుడు జారుకుందో ఎవరూ చూడలేదు.

"మాస్టారూ" అంది హెడ్‌మేడమ్. "మీ మనసు నొప్పించకూడదనే... వచ్చే వారం నుంచి ఆ పీరియడ్లు కొత్తమ్మాయికి ఇవ్వాల్సొచ్చింది. తల్లిదండ్రులు గోల చేస్తున్నారు. మీకెలా చెప్పాలో తెలీలేదు. మీరేగా చెప్పేవారు, నీతి పెద్దవాళ్ళు చెప్పకూడదు, పిల్లల నోట రావాలని."

మాస్టారు ఆమె వైపు తిరిగారు. ఏనుగు అట్ట కన్నాల్లోంచి ఆయన కళ్ళు చిన్నవిగా కనబడుతున్నాయి.

"నొప్పించకూడదని పిల్లల చేత పొడిపించావా, అమ్మాయ్?" అన్నారు. "పీరియడ్డు తీసుకో. నీ బడి, నీ గంట. నా ముఖం మీదే చెప్పి ఉంటే, చెప్పానుగా, మూడోసారికి నడిచేవాణ్ణి. కానీ నా ఆటలో దొంగనీతి పెట్టావే. ముందే వండి, వాళ్ళ నోట్లో కుక్కి, నా ముందు కక్కించావు. పాము చావాలి, కర్ర విరగకూడదు. కర్ర ఎవరనుకున్నావు? ఆ పసివాళ్ళు."

"అలా అనకండి మాస్టారూ..."

"చిలుకలదేం తప్పులే" అన్నారాయన. అది ఆమెకు అర్థం కాలేదు. ఉడుత కథ ఆడిన రోజు ఆమె పైఆఫీసులో మీటింగులో ఉంది.

"వేషం కట్టినవాళ్ళందరూ విప్పి పోయారు" అన్నారు మళ్ళీ. "కథ చెప్పినదానివి, నీ ముఖానికి అట్ట లేదు. ఏం విప్పమని చెప్పను నీకు?"

ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి, అచ్చం ఆరో తరగతిలోలాగే. ఆ నీళ్ళు చూసి ఆయన చెయ్యి, పాత అలవాటుకొద్దీ, ఆమె తల నిమరడానికి సగం లేచింది. అక్కడే ఆగి, దిగిపోయింది.

ఆయన వంగి రేకు పెట్టె తెరిచారు. పిల్లలు పడేసిన ముఖాలన్నీ తలకిందులుగా, కలగాపులగంగా ఉన్నాయి. అన్నీ ఒక్కొక్కటే తీసి, చెవులు మడతపడకుండా సర్ది పెట్టారు, పోయే పూట కూడా. అట్టడుగున, పాత కాగితంలో చుట్టి ఉన్నదాన్ని బయటికి తీశారు. తాబేలు. ఆకుపచ్చ వెలిసిపోయి బూడిదరంగైంది. ఎలాస్టిక్ సాగి సాగి చచ్చిపోయింది.

ఆమె ముందున్న బల్ల మీద పెట్టారు.

"ఇది ఎవరికీ ఇవ్వలేదు. నీదే. ఎదురుగా నిలబడి మాట్లాడాలంటే భయమేసినప్పుడు ఇది పెట్టుకుంటే నీకు మాటలొచ్చేవి. ఇంకా వస్తాయేమో చూడు."

ఆమె దాన్ని ముట్టుకోలేదు. ఏమైనా అంటుందేమోనని ఆయన గుమ్మం దగ్గర ఒక్క క్షణం నిలబడ్డారు. "మాస్టారూ, ఉండండి" అంటే ఉండేవారే. అంత పొగరున్న మనిషి, ఆ ఒక్క మాటకోసం తలుపు చెక్క పట్టుకుని నిలబడ్డారు. లోపలినుంచి ముక్కు చీదిన చప్పుడొచ్చింది. మాట రాలేదు.

బడి గేటు దాటారు. అరుగు మీద కూర్చున్న చెప్పులు కుట్టేవాడు ఆయన్ని చూసి నమస్కారం పెట్టబోయి, నోరు తెరిచి అలాగే ఉండిపోయాడు. సైకిలు మీద పోతున్నవాడొకడు వెనక్కి తిరిగి తిరిగి చూశాడు. మాస్టారు ఎవరినీ చూడలేదు. ఇంటావిడ ఆయన వెనకాల, తల వంచుకుని నడిచింది.

"తడిగుడ్డతో గొంతు కోసింది" అంది చివరికి. "ఏకు మేకై కూర్చోవడం అంటే ఇదే. మన చేతుల్లో పెరిగింది. మన ఇంట్లో ఎన్నిసార్లు తిన్నది!"

ఆయన నడక ఆపలేదు.

"నన్ను కూడా పిలిపించింది చూశారా? మీరు అందరి ముందు గొడవ చేయకుండా పట్టుకోవడానికి. నేనేమో మంచి చీర కట్టుకుని తయారయ్యా."

"చీర బాగుంది" అన్నారాయన.

ఇంకో నాలుగడుగులు వేశాక ఆవిడ ఆగిపోయింది. ఆయన్ని తేరిపార చూసి, నవ్వాలో ఏడవాలో తెలియక, కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"ఏమండీ, ఆ ఏనుగు ఇంకా మీ ముఖం మీదే ఉంది."

మాస్టారు చెయ్యెత్తి తడిమి చూసుకున్నారు. ఉంది. చెవి దగ్గర ఎలాస్టిక్ వాత పెట్టింది. బడినుంచి ఇక్కడిదాకా, వీధి వీధంతా, ఏనుగుగానే నడిచొచ్చారు.

"తీసేయండి మరి. జనం చూస్తున్నారు."

ఆయన దాన్ని నుదుటి మీదికి తోసుకున్నారు గానీ పూర్తిగా తియ్యలేదు. తీస్తే రెండు ముక్కలూ చెప్పాలి. ఏనుగును కానన్న మొదటిది సులువే. రెండోది నోట్లోనే తిరుగుతోంది, బయటికి రావడం లేదు. ఇన్నేళ్ళూ 'నేను' అన్న తర్వాతి ఖాళీలో పెట్టుకున్న మాట ఒకటుండేది, మాస్టారని.

"అది సరేగానీ" అంది ఇంటావిడ, ఆయన చేత ఏదో ఒకటి మాట్లాడించాలని. "ఇంత కథ నడిచిందిగా. దీనికి నీతేమిటో మీరే చెప్పండి."

"వేషం విప్పకుండా నీతి మాట్లాడకూడదే" అన్నారు మాస్టారు, నడుస్తూనే.